మాట ముందా... ముఖం ముందా?

మీకో చిన్న ప్రశ్న. మన సినిమాల్లో పాట ఎక్కడ మొదలవుతుంది?

"ఇంకెక్కడండీ, ఊటీ తోటలో!" అని ఠకీమని చెప్పేస్తారు మీరు. కానీ ఈసారి కాస్త చెవులు రిక్కించి వినండి. హీరో ఇంకా ఆఫీసు గదిలోనే ఉంటాడు. టేబుల్ మీద మోచెయ్యి ఆనించుకుని కిటికీలోంచి అవతలికి చూస్తుంటాడు. అప్పుడే ఎక్కడినుంచో వయొలిన్లు మెల్లగా మొదలవుతాయి. ఒక్క క్షణం ఆగాక గాని తోటా, పూలూ, హీరోయినూ తెర మీదికి రారు. అంటే చెవి ముందుగానే ఊటీ చేరింది. కన్ను తర్వాతి బస్సులో వచ్చిందన్నమాట!

అలా శబ్దం ముందు వచ్చి బొమ్మ వెనక వస్తే దాన్ని ఎడిటర్లు జె-కట్ అంటారు. బొమ్మ మారిపోయినా పాత షాట్‌లోని మాటో చప్పుడో ఇంకా వినిపిస్తుంటే అది ఎల్-కట్. పేర్లు వినగానే బెదిరిపోకండి. కంప్యూటర్ తెర మీద బొమ్మది పైన ఒక పట్టీ, శబ్దానిది కింద ఒక పట్టీ ఉంటాయి. వచ్చే షాట్ శబ్దం తన బొమ్మకంటే ముందే మొదలైతే, కింది పట్టీ ఎడమవైపుకి పొడుచుకొస్తుంది. అచ్చం ఇంగ్లీషు జె అక్షరం కొక్కెంలా! వెళ్ళిపోయే షాట్ శబ్దం కాసేపు ఆగితే, కింది పట్టీ కుడివైపుకి సాగుతుంది. అది ఎల్ అక్షరం పాదం. అంతే సంగతి!

ఇది కంప్యూటర్లు వచ్చాక పుట్టిన విద్య అనుకుంటే పొరపాటే. 1931లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 'ఎం' అనే జర్మన్ చిత్రంలో ఒక తల్లి బడినుంచి ఇంకా ఇంటికి రాని కూతుర్ని పేరు పెట్టి పిలుస్తుంది. ఆమె గొంతు వినిపిస్తూనే ఉంటుంది, తెర మీద మాత్రం ఎవరూ లేని మెట్లు, బట్టలారేసిన అటక, పిల్ల కూర్చోవలసిన ఖాళీ కుర్చీ, ముందు ఖాళీ కంచం వరసగా వస్తాయి. ఇంకా ఎవరూ ఏమీ చెప్పలేదు. అయినా మనకి గుండె జారిపోతుంది. 1935లో హిచ్‌కాక్ తీసిన 'ది 39 స్టెప్స్'లో ఒక పనిమనిషి శవాన్ని చూసి నోరు తెరుస్తుంది. కేక వినిపించాల్సిన చోట రైలు కూత వినిపిస్తుంది, ఆ వెంటనే రైలు సొరంగంలోంచి దూసుకొస్తుంది. టాకీలు మాటలు నేర్చిన కొద్ది ఏళ్ళకే ఈ గారడీ చేసేశారు వాళ్ళు.

అయితే నేనివాళ చెప్పబోయేది రైలు కూతల గురించి కాదు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే మామూలు సీను గురించి. చూడ్డానికి అతి తేలిక. కత్తిరించడానికి కూర్చుంటే తెలుస్తుంది!

అక్కా, తమ్ముడూ, ఒక చేటా

పత్రికలకి రాసుకుని బతికే నాకు ఎడిటింగు గదిలో పనేమిటని అడగొచ్చు మీరు. నా మిత్రుడొకాయన ఎడిటరు. ఓ పన్నెండు నిమిషాల చిన్న సినిమా తీద్దామని నలుగురు కలిసినప్పుడు, అందులో ఒక సీను నన్ను రాయమన్నాడు. నేను రాసింది మా ఇంట్లో జరిగిన సంగతే. మా అమ్మమ్మగారి ఊళ్ళో పెంకుటిల్లు ఒకటుండేది. మా అమ్మ పుట్టిన ఇల్లు. మా మావయ్య దాన్ని అమ్మేసి, వారం తర్వాత మా అమ్మకి చెప్పడానికి వచ్చాడు. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. గుమ్మం పక్కన నిలబడి విన్నాను. వాళ్ళు మాట్లాడుకున్నవి నాలుగంటే నాలుగే మాటలు.

అక్క అరుగు మీద కూర్చుని బియ్యం చెరుగుతూ ఉంటుంది. తమ్ముడు వచ్చి మెట్టు మీద కూర్చుంటాడు.

"అక్కా... ఇల్లు అమ్మేశాను."

"ఎప్పుడు?"

"పోయిన శుక్రవారం. అడ్వాన్సు పుచ్చుకున్నా. నీకు చెబుదామనే అనుకున్నాను గానీ..."

"అన్నం తిని వెళ్ళు."

సీను అంతే! నాటకాల్లో వేసే ఇద్దరు నటులు చేశారు. కెమెరా ఒక్కటే. ముందు తమ్ముడి వైపు పెట్టి మొత్తం సీను తీశారు, తర్వాత అక్క వైపు పెట్టి మళ్ళీ మొత్తం తీశారు. డబ్బింగు లేదు, అక్కడికక్కడే మాటలు రికార్డు చేశారు.

మొదట మా వాడు సీనుని తిన్నగా కోసి చూపించాడు. అంటే ఎవరు మాట్లాడితే వాళ్ళ ముఖం. మాట అయిపోగానే బొమ్మా శబ్దమూ రెండూ ఒకే చోట తెగుతాయి. చూశాను. ఏదో పింగ్‌పాంగ్ ఆట చూస్తున్నట్టుంది. బంతి ఇటు, బంతి అటు! నటుల తప్పు కాదు, ఇద్దరూ చక్కగా చేశారు. మాటల తప్పూ కాదు, అవి నిజంగా జరిగిన మాటలే. అయినా సీనులో ప్రాణం లేదు.

"ఎందుకో చెప్పుకో చూద్దాం" అన్నాడు మావాడు నవ్వుతూ.

నాకు తోచలేదు. ఆయనే చెప్పాడు: "ఇల్లు అమ్మేశానన్న మాట అక్క చెవిన పడ్డ క్షణం మనం అక్కని చూడలేదు. తమ్ముణ్ణి చూస్తున్నాం. మనం ఆవిడ దగ్గరికి వెళ్ళేసరికి ఆ దెబ్బ తగిలిపోయింది. తగిలాక ఆమె ఎలా ఉందో చూశాం గాని, తగలడం చూడలేదు."

క్రియ చివర్న ఉంటుంది సుమండీ!

ఇక్కడే నాకు ఒక విశేషం దొరికింది. సినిమా పుస్తకాల్లో చదివింది కాదు, ఆ గదిలో కూర్చుని నాలుగు గంటలు చూస్తే తట్టింది.

మన తెలుగు వాక్యంలో క్రియ చివర్న వస్తుంది. ఇంగ్లీషువాడు ముందు "అమ్మేశాను" అనేసి ఆ తర్వాత "ఇల్లు" అంటాడు. అసలు సంగతి ముందే బయటపడిపోతుంది. మనం అలా కాదు. "అక్కా... ఇల్లు" అన్నాడనుకోండి. ఇంకా ఏమైనా కావచ్చు. ఇల్లు కట్టిస్తున్నాను, ఇల్లు బాగుచేయిస్తున్నాను, ఇల్లు తాకట్టు పెట్టాను... ఆ చివరి మాట పడేదాకా వినేవాళ్ళ ప్రాణం గాలిలో వేలాడుతూనే ఉంటుంది. కాబట్టి వినేవాళ్ళ ముఖం మారేది ఎప్పుడూ వాక్యం చివర్నే. అలాంటప్పుడు మాట మొత్తం అయ్యాక బొమ్మ మారిస్తే ఏమవుతుంది? తెలుగులో అన్నిటికంటే విలువైన ఆ క్షణాన్ని మనం ప్రతిసారీ పారేసుకుంటాం!

మావాడు చేసిన పని చెబుతాను. "అమ్మేశాను" అన్న మాట నటుడు పలకడానికి 22 ఫ్రేములు పట్టింది. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు గదా, అంటే సెకనుకి కాస్త తక్కువ. తిన్నగా కోసినప్పుడు ఆ మాట తర్వాత ఇంకో 6 ఫ్రేములు తమ్ముడి మీద ఉంచాడు. ఇప్పుడు ఆ 22, ఈ 6 కలిపి 28 ఫ్రేములు బొమ్మ కోతని వెనక్కి జరిపాడు. శబ్దాన్ని ముట్టుకోలేదు. అంటే "అక్కా... ఇల్లు" అన్నంతవరకు తమ్ముణ్ణి చూస్తాం. "అమ్మేశాను" మాత్రం అక్క మీద వింటాం. ఇది ఎల్-కట్.

అక్క చేతిలో చేట చరచరా ఆడుతూ ఉంటుంది. "అమ్మే" అనేసరికి చెయ్యి ఆగిపోతుంది. "శాను" అన్న మాట కదలని చేట మీద పడుతుంది. ఆ తర్వాత రెండు సెకన్లు ఏమీ లేదు. "ఎప్పుడు?"

నటి అదే, టేకు అదే, మాట అదే. జరిగింది 28 ఫ్రేములు. నాకు ఒళ్ళు జలదరించింది, అబద్ధమెందుకూ!

"మరీ ముందుకి వెళితే?" అని అడిగాను. "అక్కా" అన్న మాట దగ్గరే కోసి చూపించాడు. పనిచెయ్యలేదు. తమ్ముడు ఏదో పెద్ద సంగతి చెప్పబోతున్నాడని బొమ్మే చాటింపు వేసేసినట్టయింది. పోనీ మరీ ఆలస్యంగా, "శాను" దగ్గర కోస్తే? కొత్త ముఖం తెర మీదికి రాగానే మన కన్ను దాన్ని వెతికి పట్టుకోవడానికి కొంచెం వ్యవధి కావాలి. పది పన్నెండు ఫ్రేములైనా ఉండాలని మావాడి లెక్క. ఆ వ్యవధి లోపలే చెయ్యి ఆగిపోతే, ఆగడం మనం చూడం. చివరికి "ఇల్లు"కీ "అమ్మేశాను"కీ మధ్యనున్న ఆ చిన్న సందే సరైన చోటని తేలింది.

కత్తెర వెనక లెక్కలు

ఇదంతా వింటే "ఓస్, ఇంతేనా!" అనిపిస్తుంది. కానీ దీనికి కొన్ని కట్టుబాట్లున్నాయి.

మొదటిది లెక్క. బొమ్మ పట్టీలో తమ్ముడి ముక్క 28 ఫ్రేములు తగ్గితే, అక్క ముక్క సరిగ్గా 28 ఫ్రేములు పెరగాలి. ఒకటి తగ్గించి రెండోది పెంచడం మరిచిపోయామా, అక్కణ్ణుంచి సినిమా చివరిదాకా బొమ్మా మాటా విడిపోతాయి. పెదవులొక చోట, మాటలొక చోట! ఇవాళ కంప్యూటర్లో రెండు షాట్ల మధ్య గీతని పట్టుకుని జరిపితే ఒకటి తగ్గినంత రెండోది దానంతటదే పెరుగుతుంది. ఫిలిం రోజుల్లో మాత్రం బొమ్మ ఒక రీలు, శబ్దం మాగ్నటిక్ పూత పూసిన వేరే రీలు. రెండింటినీ పళ్ళ చక్రాల మీద పక్కపక్కన పెట్టి, మైనపు పెన్సిలుతో గుర్తు పెట్టి, చేత్తో కోసి టేపు అంటించేవారు. పట్టుకొచ్చిన ముక్క ఒక్క ఫ్రేము తక్కువైనా మళ్ళీ మొదటికే!

రెండోది, అసలు ఆ 28 ఫ్రేములు ఉండాలి గదా! అక్క షాటు తీసేటప్పుడు డైరెక్టరుగారు ఆమె మాట వచ్చే ముందే "యాక్షన్" అని, ఆమె మాట అయిపోగానే "కట్" అన్నారనుకోండి. ఇక వెనక్కి జరపడానికి ఏముంటుంది, మన్నా మశానమా? అందుకే వినేవాళ్ళ మీద కూడా సీను మొత్తం తియ్యాలి. తమ్ముడి పాత్రధారి కెమెరా వెనక కూర్చుని తన మాటలన్నీ చెప్పాలి, అక్క వినాలి. వినడం కూడా నటనే గదండీ!

కానీ ఇక్కడొక చిక్కుంది. అక్క మీద కెమెరా పెట్టినప్పుడు తమ్ముడి గొంతు మైకుకి దూరంగా, బోలుగా పడుతుంది. ఆ గొంతు పనికిరాదు. తమ్ముడి షాట్‌లో దగ్గరగా పడిన గొంతునే తీసుకుని అక్క బొమ్మ కింద పరచాలి. అప్పుడు అక్క షాట్‌లోని శబ్దాన్ని తీసెయ్యాలి. తీసేస్తే చేట చప్పుడు కూడా పోతుంది! మావాడు ఈ సంగతి ముందే ఊహించి, షూటింగు రోజున నటి చేత మాటలు లేకుండా రెండు నిమిషాలు ఉత్తినే బియ్యం చెరిగించి ఆ చప్పుడు విడిగా రికార్డు చేయించాడు. ఆ ఊరి అరుగు మీద ఎవరూ మాట్లాడనప్పుడు వినిపించే నిశ్శబ్దాన్ని కూడా ఒక నిమిషం పట్టుకొచ్చాడు. నిశ్శబ్దాన్ని రికార్డు చెయ్యడమేమిటని నవ్వకండి. ప్రతి చోటికీ తనదైన మూలుగు ఒకటుంటుంది. దూరంగా మోటారు పంపు, కాకులు, గాలి. తమ్ముడి షాట్‌లో పంపు వినిపించి అక్క షాట్‌లో వినిపించకపోతే, మాటని ఎంత తెలివిగా జరిపినా కింద చప్పుడు 'ఠక్'మని తెగిపోయి గుట్టు రట్టవుతుంది. ఆ నిశ్శబ్దాన్ని సీను మొత్తం కింద తివాచీలా పరిస్తే అతుకులు కనిపించవు.

మద్రాసు రోజుల్లో మన సినిమాల్లో చాలావాటికి మాటలు తర్వాత డబ్బింగు థియేటర్లో చెప్పించేవారు. సీనుని చిన్న చిన్న లూపులుగా చేసి, అది తిరుగుతూ ఉంటే నటులు చూస్తూ చెప్పేవారు. ఆ పద్ధతిలో ఎవరి గొంతు వారిది శుభ్రంగా విడిగా ఉంటుంది కాబట్టి జరపడం సులువు. కానీ చేటా, కాకీ, గాలీ అన్నీ మళ్ళీ పనిగట్టుకుని చేర్చాలి. చేర్చకపోతే మనుషులు సీసాలో కూర్చుని మాట్లాడుకుంటున్నట్టుంటుంది.

మూడోది పెదవుల సంగతి. జె-కట్‌లో మాట ముందు మొదలై, మధ్యలో ఆ మనిషి ముఖం వస్తుంది. ఆ ముఖం వచ్చే క్షణాన ఏ అక్షరం పలుకుతున్నారన్నది చూసుకోవాలి. చిన్నప్పుడు వ్యాకరణంలో ఓష్ఠ్యాలని చదువుకున్నాం, గుర్తుందా? ప, ఫ, బ, భ, మ. పెదవులు రెండూ కలిస్తేగాని పలకవు. మాటకీ పెదవికీ రెండు మూడు ఫ్రేములు తేడా ఉంటే మిగతా అక్షరాల్లో తప్పించుకోవచ్చు గాని, వీటి దగ్గర దొరికిపోతాం. డబ్బింగు సరిగ్గా కుదరని మాటని దాచాలంటే, అందులో 'ప'లూ 'మ'లూ ఉన్నంతసేపు వినేవాడి ముఖం చూపించి, తర్వాత మాట్లాడేవాడి మీదికి రావడం ఎడిటర్లకి తెలిసిన చిట్కా.

ఇన్ని చేసినా ఈ కోత నయం చెయ్యలేని రోగం ఒకటుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడేసి రెండు గొంతులూ ఒకే రికార్డింగులో కలిసిపోతే, ఇక ఎవరి మాటనీ ఎటూ జరపలేం. అలాగే ప్రతి కోతనీ ముందుకో వెనక్కో జరుపుకుంటూ పోతే, అదీ ఒక తాళంలా పడిపోయి ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. మా సీనులోనే "ఎప్పుడు?" అన్న మాట తర్వాత మావాడు తిన్నగానే కోశాడు. "అక్కడ ప్రశ్న కొరడాలా తగలాలి. మెత్త చెయ్యకూడదు" అన్నాడు.

ఎవరి పక్షం?

ఇక అసలు గొడవ ఇక్కడ మొదలైంది.

"పోయిన శుక్రవారం. అడ్వాన్సు పుచ్చుకున్నా. నీకు చెబుదామనే అనుకున్నాను గానీ..." ఈ మాటలప్పుడు ఎవర్ని చూపించాలి?

నా పట్టుదల ఒక్కటే. "శుక్రవారం" అనగానే అక్క మీదికి వెళ్ళాలి. మిగతాదంతా ఆమె వింటుండగా వినాలి. మావాడు అలా కోసి చూపించాడు. తమ్ముడి గొంతు దాదాపు నాలుగు సెకన్లు అక్క ముఖం మీద నడిచింది. నేను కోరుకున్నట్టే ఉంది. ఆ మాటలన్నీ సాకుల్లా వినిపించాయి. తమ్ముడు దోషి అయిపోయాడు. నేను చిన్నప్పటినుంచి మా మావయ్యని చూసిన చూపు అదే.

"ఇంకోటి చూడు" అన్నాడు మావాడు.

ఈసారి బొమ్మ తమ్ముడి మీదే ఉండిపోయింది. "చెబుదామనే అనుకున్నాను గానీ..." అని ఆగిపోయి, తల దించుకున్నాడు. నిశ్శబ్దం. అప్పుడు, తమ్ముడి ముఖం మీదే, చేట చప్పుడు మళ్ళీ మొదలైంది. చర్... చర్... అక్క కనిపించదు. చప్పుడే వస్తుంది. సరిగ్గా ఒక సెకను తర్వాత, అదీ తమ్ముడి ముఖం మీదే, "అన్నం తిని వెళ్ళు" అన్న మాట. ఆ మాట పూర్తయ్యాక గాని అక్క కనిపించదు. చేట వంకే చూస్తూ చెరుగుతోంది. ఇది జె-కట్.

అదే మాట. మొదటి దాంట్లో అక్క ముఖం మీద విన్నప్పుడు అది చీవాటులా ఉంది. రెండో దాంట్లో తమ్ముడి ముఖం మీద విన్నప్పుడు... ఏమని చెప్పను? క్షమించినట్టూ ఉంది, క్షమించనట్టూ ఉంది. ఆ మనిషి దాన్ని మింగలేక మింగడం కనిపించింది.

నాకు కోపం వచ్చింది. "ఇది మా అమ్మ కథ. నువ్వు మా మావయ్య కథ చేశావు" అన్నాను.

"నేను ఒక్క మాట కూడా మార్చలేదు" అన్నాడు మావాడు.

నిజమే. మార్చలేదు. మాట ఎవరిదైనా, ఆ సమయంలో తెర మీద ఎవరి ముఖం ఉంటే సీను వాళ్ళది అయిపోతుంది. మాటల మధ్య అతుకులు కనపడకుండా చెయ్యడానికే ఈ కోతలని చాలామంది అనుకుంటారు. అతుకులు పోవడం దీనివల్ల వచ్చే ఒక సుఖం మాత్రమే. ఎడిటరు నిజంగా చేసే నిర్ణయం, ప్రేక్షకుణ్ణి ఎవరి పక్కన కూర్చోబెట్టాలన్నది. ముందు ఆ సంగతి తేల్చుకుంటే ఎన్ని ఫ్రేములో దానంతటదే తేలుతుంది.

రెండు సీన్లూ ఫోన్లో ఎక్కించుకుని ఇంటికెళ్ళి మా అమ్మకి చూపించాను. ఏది ఎవరి మాటో ఏమీ చెప్పలేదు. మొదటిది చూసి "బాగానే ఉందిరా" అంది. రెండోది చూసి చాలాసేపు ఏమీ అనలేదు. మళ్ళీ ఒకసారి పెట్టమంది. పెట్టాను. అప్పుడంది:

"వాడి ముఖం నేను చూళ్ళేదురా ఆ రోజు. చేట వంకే చూస్తూ కూర్చున్నాను."

ఆ రాత్రే మావాడికి ఫోన్ చేసి రెండోదే ఉంచమన్నాను. "అమ్మేశాను" అన్నచోట మాత్రం మొదటినుంచీ ఉన్న ఎల్-కట్ అలాగే ఉంది. దెబ్బ అక్కకి తగలడం చూస్తాం, దాని బరువు తమ్ముడు మొయ్యడం చూస్తాం. నలభై సెకన్ల సీను!

ఇంట్లోనే చేసుకునే పరీక్ష

ఇదంతా చదివాక మీకూ ఒకసారి పట్టి చూడాలనిపిస్తుంది కదూ? చాలా తేలిక. మీకిష్టమైన సినిమాలో ఇద్దరు మాట్లాడుకునే సీను ఒకటి తీసుకోండి. పాటలూ ఫైట్లూ వద్దు. ఒక నిమిషం చాలు.

మొదటిసారి శబ్దం పూర్తిగా తీసేసి చూడండి. బొమ్మ మారినప్పుడల్లా వేలితో బల్ల మీద కొట్టండి. ఆ తాళం మీ చేతికి అలవాటవుతుంది. రెండోసారి శబ్దం పెట్టుకుని అలాగే కొట్టండి. ఈసారి వేలు పడినప్పుడు ఎవరో మాట మధ్యలో ఉన్నారా, మాట అయిపోయిందా అన్నది గమనించండి. వేలు పడ్డాక కూడా పాత మనిషి గొంతు వినిపిస్తుంటే ఎల్. వేలు పడకముందే కొత్త గొంతు మొదలైతే జె. వేలూ మాటా ప్రతిసారీ ఒకేచోట పడుతుంటే, అది పింగ్‌పాంగ్!

ఎల్ దొరికిన చోట ఇంకొంచెం ఆగండి. బొమ్మ మారేటప్పటికి క్రియ వచ్చేసిందా, ఇంకా రాలేదా? క్రియ రాకముందే వినేవాళ్ళ ముఖం చూపించారంటే, ఆ ఎడిటరుకి తెలుగు వాక్యం నడక తెలుసన్నమాట. డబ్బింగు సినిమాలతో కూడా పోల్చి చూడండి. ఇంగ్లీషు వాక్యానికి కుదిరిన కోత తెలుగు మాట కింద అంతగా కుదరదు ఒక్కోసారి. అక్కడివాడు క్రియ ముందే చెప్పేశాడు కాబట్టి ఎదుటి మనిషి ముఖం ముందే మారిపోతుంది. మన గొంతు ఇంకా "ఇల్లు..." దగ్గరే ఉంటుంది. సంగతి తెలియకముందే ఆ అమ్మాయి ఎందుకు కళ్ళు పెద్దవి చేసిందా అని మనం తెల్లబోతాం!

చివరగా ఒక్క ప్రశ్న వేసుకోండి. ఆ సీనులో ఎక్కువగా ఎవరు మాట్లాడారని కాదు, ఎక్కువగా ఎవరు వింటూ కనిపించారని. ఆ మనిషి పక్కనే మిమ్మల్ని కూర్చోబెట్టారు. టిక్కెట్టు మీద సీటు నంబరు ఏదైనా సరే!